దర్జా చెక్కది కాదు, జిగురుది

తెలుగులో దర్జా అంటే ఠీవి. దర్జాగా వచ్చాడు, దర్జాగా కూర్చున్నాడు అంటాం. ఉర్దూలో దర్జా అంటే మెట్టు, తరగతి, గ్రేడు. ప్లైవుడ్ షాపు కౌంటర్ ముందు ఈ రెండు అర్థాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పైపొర ఎర్రగా, నున్నగా మెరుస్తుంటే అదే పెద్ద దర్జా సామాన్ అనుకుంటాం. షాపువాళ్లకీ మనం అలా అనుకోవడమే కావాలి. ఆ తఖ్తాకి అసలు దర్జా ఇచ్చేది పైన కనిపించే చెక్క కాదు, పొరల మధ్య కనిపించని జిగురు.

ఈ సంగతి మా ఇంట్లో పెద్ద చర్చ కావడానికి కారణం మా ఆపా. ఆమె పెద్ద కూతురు నికాహ్‌కి ఒక రెడీమేడ్ అల్మారీ కొన్నారు. అద్దం, మెరుపు, అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క బారిష్ కాలం గడిచేసరికి అడుగున రెండంగుళాల మేర పలకలు ఉబ్బి పూరీల్లా పొంగాయి. కింది కబ్జా మరలు ఊడి తలుపు ఒక పక్కకి వాలిపోయింది. భాంజీ అత్తగారు నోరు తెరిచి ఏమీ అనలేదు. ఇంటికొచ్చిన ప్రతి మెహమాన్‌కీ మాత్రం ఆ తలుపు ఒకసారి తెరిచి చూపించేవారు. ఆ మౌనం ఆపాకి మాటకంటే ఎక్కువ గుచ్చుకుంది. అందుకే బీసీ చిట్టీ పాడి వచ్చిన 60 వేలతో టోలీచౌకీలోని తన ఇంట్లో అల్మారీ చేయించాలనుకున్నప్పుడు ఆమె అన్నది ఒకటే. "చోటే, చూడ్డానికి ఎలా ఉన్నా పర్లేదు. ఉబ్బకూడదు."

(కబ్జా అంటే తెలుగు పేపర్లలో భూమి ఆక్రమణ. మన కార్పెంటర్ల భాషలో తలుపు మడతబందు. రెండూ పట్టుకుంటే వదలకూడనివే. భాంజీ అల్మారీ కబ్జా మాత్రం వదిలేసింది.)

ముందు ఆ ఉబ్బిన అల్మారీ ఎందుకు ఉబ్బిందో చూద్దాం. అది పార్టికల్ బోర్డు. చెక్క ముక్కల్ని చిన్న చిన్న పెళ్లలుగా చేసి, యూరియా ఫార్మాల్డిహైడ్ అనే జిగురు కలిపి, వేడితో గట్టిగా నొక్కితే పార్టికల్ బోర్డు తయారవుతుంది. నొక్కుడులో ముడుచుకున్న ఆ పెళ్లలకి నీళ్లు తగిలితే అవి మళ్లీ విచ్చుకుంటాయి. ఎండబెట్టినా మునుపటిలా ముడుచుకోవు. మధ్యలో జిగురు పట్టు కూడా తెగిపోతుంది కాబట్టి మర బిగించిన చోట పిండిలా రాలుతుంది. ఒకసారి ఊడిన మరని అదే రంధ్రంలో మళ్లీ బిగించినా నిలవదు.

అయితే భాంజీ అల్మారీలో పాడైంది అడుగు రెండంగుళాలే. పైన అరలు ఇవాళ్టికీ బాగున్నాయి. పలక ముఖాలకి ఫ్యాక్టరీలోనే లామినేషన్ ఉంది, ముందు అంచుకి పీవీసీ టేపు ఉంది. నేలని తాకే కింది అంచుకి మాత్రం ఏమీ లేదు, పచ్చిగా వదిలేశారు. కాళ్లు లేవు. రోజూ పోఛా పెట్టినప్పుడల్లా ఆ పచ్చి అంచు గుక్కెడు గుక్కెడు నీళ్లు తాగింది. ఆపా ఇంటికి పని చేసిన కార్పెంటర్ చాచా దాన్ని ఫోటోలో చూసి ఒక్క మాటన్నారు. "లకడీ ఊపర్ సే నై మర్తీ సాబ్, కినారే సే మర్తీ." చెక్క పైనుంచి చావదు, అంచు నుంచి చస్తుంది. అల్మారీ చేయించేవాళ్లు ఈ ఒక్క వాక్యం రాసి పెట్టుకోవచ్చు. పొడి గదిలో, కాళ్ల మీద నిలబెట్టి, అన్ని అంచులూ మూసిన పార్టికల్ బోర్డు పిల్లల పుస్తకాల అరకి పనికొస్తుంది. నేల కడిగే గదిలో, సింకు కింద దాన్ని వాడకూడదు.

ఇప్పుడు ప్లైవుడ్. పల్చటి చెక్క పొరల్ని ఒకదాని మీద ఒకటి, నారలు అడ్డంగా నిలువుగా మార్చి పేర్చి, జిగురుతో అంటించి నొక్కుతారు. పొరల లెక్క మామూలుగా బేసి సంఖ్యే. నారలు ఒకదానికొకటి అడ్డంగా ఉండడం వల్ల తఖ్తా ఏ వైపుకీ సులువుగా వంగదు, చీలదు. ఈ పొరల్ని పట్టి ఉంచే జిగురు నీళ్లకి ఎంతసేపు ఓర్చుకుంటుందో, అదే దాని గ్రేడు.

షాపులో వినిపించేవి మూడు పేర్లు. మొదటిది ఎంఆర్, అంటే మాయిశ్చర్ రెసిస్టెంట్. దీన్నే కమర్షియల్ ప్లై అంటారు. పేరులో మాయిశ్చర్ ఉంది కాబట్టి తడికి ఆగుతుందని ఎంతోమంది మోసపోయేది ఇక్కడే. ఇందులో ఉండేది మామూలుగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురే. గాలిలో తేమని ఓర్చుకుంటుంది కానీ నిలబడ్డ నీళ్లని, రోజుల తరబడి చెమ్మని ఓర్చుకోలేదు. దీనికి పెట్టే పరీక్ష 60 డిగ్రీల వేడి నీళ్లలో మూడు గంటలు. రెండోది బీడబ్ల్యూఆర్, మరిగే నీళ్లని తట్టుకునే గ్రేడు. మూడోది బీడబ్ల్యూపీ, జనం మెరైన్ ప్లై అనేది. దీన్ని 72 గంటలు మరిగించినా పొరలు విడిపోకూడదు. ఈ రెండింటిలోనూ మామూలుగా వాడేది ఫీనాల్ ఫార్మాల్డిహైడ్ జాతి జిగురు. ఒకసారి గట్టిపడితే నీళ్లు దాన్ని కరిగించలేవు.

మేం వెళ్లిన షాపులో కుర్రాడు మూడు తఖ్తాలు నిలబెట్టి, ఎర్రగా ఉన్నదాన్ని తట్టి "ఇది వాటర్‌ప్రూఫ్ మేడమ్, పక్కా" అన్నాడు. ఆపా కళ్లు మెరిశాయి. రంగు ఏ గ్రేడుకైనా వేయొచ్చు. పైపొరకే కాదు, లోపలి పొరలకి కూడా ఎర్ర రంగు పట్టించి అమ్మేవాళ్లున్నారు. చూడాల్సింది తఖ్తా మీద ఉన్న ఐఎస్ఐ ముద్ర. ముద్ర పైన ఐఎస్ 303 అని ఉంటే మామూలు వాడకం ప్లై. ఐఎస్ 710 అని ఉంటే మెరైన్. ముద్ర కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్స్ నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ అనే సర్కారీ యాప్‌లో ఆ నంబరు కొడితే లైసెన్స్ ఎవరిది, ఏ సామాన్‌కి ఇచ్చారు, ఇంకా చెల్లుతోందా అన్నది తెలిసిపోతుంది. కుర్రాడు చూపించిన దాని మీద పెద్ద అక్షరాలతో 710 అని స్టిక్కర్ ఉంది కానీ ముద్ర లేదు, నంబరు లేదు. ముద్ర లేని 710 ఒట్టి అంకె. ఆ మాట నెమ్మదిగా అడిగితే లోపల గోడౌన్ నుంచి ఇంకో తఖ్తా వచ్చింది. దాని మీద రెండూ ఉన్నాయి. నంబరు కొట్టి చూసుకున్నాకే బేరం మొదలైంది. బిల్లులో కూడా "ప్లై 19 ఎంఎం" అని వదిలేయనివ్వకుండా ఐఎస్ 710 అన్న మాట, కంపెనీ పేరు రాయించుకున్నాం. రేపు ఏదైనా అయితే మాట్లాడేది ఆ కాగితమే.

ముద్రతో కూడా భరోసా కలగకపోతే ఇంట్లో చేసుకునే ఇంతిహాన్ ఒకటుంది. కొనే తఖ్తా నుంచే అరచేతంత ముక్క కోయించి తెచ్చుకోండి. వంటకి వాడని పాత గిన్నెలో నీళ్లు పోసి, ముక్క తేలకుండా పైన రాయి పెట్టి, నాలుగు గంటలు మరిగించండి. నీళ్లు తగ్గితే పోస్తుండండి, కిటికీ తెరిచి ఉంచండి. ఎంఆర్ ముక్కయితే పొరలు విచ్చుకోవడం కళ్లకే కనిపిస్తుంది. నిలబడిన ముక్కని చల్లారాక అంచు దగ్గర చాకుతో పొర లేపి చూడండి. పొరతో పాటు కింది చెక్క నారలు కూడా చిరిగి వస్తే జిగురు చెక్కకంటే గట్టిగా ఉందన్నమాట. పొర శుభ్రంగా, కాగితంలా ఊడివస్తే ఆ జిగురు మీద నమ్మకం పెట్టుకోకండి. ఇది లేబొరేటరీ పరీక్షకి సాటి కాదు కానీ ఎంఆర్‌ని మెరైన్ అని అమ్మే మోసం ఇందులో దాగదు. ఆపా ఈ పని స్వయంగా చేసింది. ముక్క నిలబడింది. దాన్ని ఇప్పటికీ షోకేసులో ఉంచింది.

అల్మారీ పెట్టాల్సిన గోడకి అవతల గుసుల్‌ఖానా. అందుకే కొనేముందు చాచా ఒక పని చేయించారు. రెండడుగుల ప్లాస్టిక్ షీటుని గోడకి నాలుగు పక్కలా టేపుతో అంటించి రెండు రోజులు వదిలేయమన్నారు. షీటుకీ గోడకీ మధ్య చుక్కలు పడితే నమీ గోడలోంచి వస్తోందని, గది వైపు పడితే గదిలో గాలిదేనని గుర్తు. మాకు గోడ వైపే చుక్కలు పడ్డాయి. గుసుల్‌ఖానా టైల్స్ సందులు మళ్లీ పూడ్పించి, గోడ ఆరేదాకా ఆగాం. ఇక్కడ ఒక హద్దు చెప్పుకోవాలి. మెరైన్ ప్లై పొరలు విడిపోకపోవచ్చు కానీ కారే గోడని అది ఎండబెట్టలేదు. లోపలి బట్టలకి బూజు పడుతుంది, చెమ్మ ఉన్నచోటికి దీమక్ కూడా వస్తుంది.

ఇక లెక్క. అల్మారీ ఎత్తు ఏడడుగులు, వెడల్పు ఆరడుగులు, లోతు రెండడుగులు. తఖ్తా కొలత ఎనిమిదడుగులకి నాలుగడుగులు. నిలువు పలకలు మూడు, పైనా కిందా ఒక్కోటి, అరలు ఎనిమిది. చాచా కాగితం మీద గీసి చూపిస్తే ఇవన్నీ 19 ఎంఎం తఖ్తాలు నాలుగింటిలో సరిపోయాయి. తలుపులు నాలుగింటికి ఇంకో రెండు, వెనక పలకకి 6 ఎంఎంవి రెండు.

మాకు చెప్పిన ధర చదరపు అడుగుకి ఎంఆర్ 80 రూపాయలు, ఐఎస్ 710 ప్లై 125 రూపాయలు. అంటే ఎంఆర్ తఖ్తా 2,560, మెరైన్ తఖ్తా 4,000. నాలుగూ మెరైన్ అక్కర్లేదన్నారు చాచా. నిలువు పలకలు నేలకీ గోడకీ దగ్గర కాబట్టి అవి మెరైన్. అడుగు పలక మెరైన్. ఆ మూడు తఖ్తాల్లోంచి మిగిలిన ముక్కల్లో మూడు అరలు వచ్చాయి, మిగతా అయిదు అరలకి నాలుగో తఖ్తా ఎంఆర్. నేలకి, గోడకి దూరంగా, గాలిలో ఉండే అరకి ఎంఆర్ చాలు. వెనక పలక రెండు మాత్రం మెరైనే, ఒక్కోటి 2,080. అదే ఎంఆర్ అయితే 1,440.

అన్నీ ఎంఆర్‌తో చేయించినా, ఇలా కలిపి చేయించినా తేడా 5,600 రూపాయలు. మజూరీ, మైకా, కబ్జాలు, హ్యాండిళ్లు కలిపి దాదాపు 35 వేలు. తఖ్తా ఏదైనా ఆ ఖర్చు మారదు. తఖ్తా ఉబ్బితే పోయేది 5,600 కాదు, ఆ 35 వేలు కూడా. ఆపా రెండు నిమిషాలు వేళ్ల మీద లెక్కేసుకుని "ఇవ్వు" అంది.

తలుపులకి ప్లై కాకుండా బ్లాక్‌బోర్డు ఎందుకు? బ్లాక్‌బోర్డు అంటే మధ్యలో సన్నటి చెక్క పట్టీలు పక్కపక్కన పేర్చి, పైనా కిందా పొరలు అంటించినది. పట్టీలు నిలువుగా ఉంటే ఏడడుగుల తలుపు కూడా విల్లులా వంగకుండా నిలబడుతుంది. ప్లైకంటే తేలిక కాబట్టి కబ్జాల మీద బరువు తగ్గుతుంది. అయితే పట్టీలు తలుపు ఎత్తు వెంబడే ఉండాలి, అడ్డంగా కాదు. తఖ్తా వృథా కాకూడదని తిప్పి కోసే కారీగర్లు ఉంటారు. అలా కోస్తే బ్లాక్‌బోర్డు గుణమే పోతుంది. దీంట్లోనూ ఎంఆర్, బీడబ్ల్యూపీ గ్రేడులున్నాయి. మా తలుపులు గోడకి రెండడుగుల దూరంలో, నేలకి నాలుగంగుళాల పైన ఉంటాయి కాబట్టి ఎంఆర్ తీసుకున్నాం, తఖ్తా 2,880. మైకా లోపలా బయటా రెండు వైపులా వేయించాలి. బయట మాత్రమే మైకా వేసి లోపల రంగుతో సరిపెడితే రెండు వైపులా తేమ పీల్చే తీరు సమానంగా ఉండదు, కొన్నాళ్లకి తలుపు వంపు తిరుగుతుంది.

బ్లాక్‌బోర్డు బలహీనత కూడా కినారాలోనే ఉంది. కోసిన అంచు చూస్తే పట్టీల మధ్య అక్కడక్కడ ఖాళీలు కనిపిస్తాయి. నీళ్లకి, పురుగులకి అవి తెరిచిన దర్వాజాలు. అందుకే నాలుగు అంచులకీ గట్టి చెక్క పట్టీ వేయాలి. చాచా పల్చటి టేకు పట్టీలు అంటించి, సన్నటి మేకులు కొట్టి, చివర్లు రంద పట్టారు. కబ్జా గుంట తవ్వేచోట లోపల ఖాళీ వస్తే మర పట్టదు. అందుకని ముందు సుత్తి పిడితో తట్టి, డొల్ల మోత వచ్చిన రెండు చోట్ల కబ్జా స్థానాన్ని అంగుళం జరిపారు.

మిగతా పలకల ముందు అంచుకి పీవీసీ టేపు. ఫ్యాక్టరీలో యంత్రం వేడి జిగురుతో, సమానమైన ఒత్తిడితో అంటిస్తుంది. ఇంట్లో కారీగర్ రబ్బరు జిగురు పూసి చేత్తో నొక్కుతాడు. చేతి పని కూడా నిలుస్తుంది, అయితే అంచు మీద రంపపు పొట్టు ఉండకూడదు. రెండు వైపులా జిగురు పూసి, తడి ఆరి వేలికి అంటకుండా ఉన్నప్పుడే కలపాలి. తొందరపడి పచ్చి జిగురు మీద అంటిస్తే మూలల దగ్గర కొన్ని నెలల్లోనే లేస్తుంది.

కనిపించే అంచుల్ని అందరూ మూస్తారు. అల్మారీ వయసు నిర్ణయించేవి కనిపించనివి: నిలువు పలకల కింది అంచు, గోడ వైపు అంచు, తలుపు పైఅంచు, కబ్జా గుంట లోపల, వైరుకీ పైపుకీ చేసిన రంధ్రాలు. వంటగదిలో అయితే సింకు కోసం కోసిన చుట్టు. వీటికి టేపు అక్కర్లేదు. బిగించకముందే పొట్టు దులిపి, ప్రైమర్ ఒక పూత, ఆరాక ఎనామెల్ రంగు రెండు పూతలు వేస్తే చాలు. మొదటి పూతని చెక్క నారలు పీల్చేసుకుంటాయి కాబట్టి ఒక్క పూతతో అంచు మూసుకోదు. సింకు చుట్టూ రంగు మీద సిలికాన్ కూడా పట్టించాలి. అడుగున పీవీసీ కాళ్లు పెట్టి పలకని నేలకి నాలుగంగుళాలు లేపాలి, వెనక గోడకి అంగుళం వదలాలి.

ఈ పూతలకి చాచాకి పట్టింది ఒక పూట, మాకైంది ఒక చిన్న డబ్బా రంగు. అయినా చెప్పకపోతే చాలామంది చేయరు. బిగించాక కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు. అందుకే మజూరీ మాట్లాడేటప్పుడే ఈ పని కూడా అందులోనే అని చెప్పేయండి. అల్మారీ గోడకి చేర్చే రోజు మీరు అక్కడే ఉండండి. నిలబెట్టకముందు దాన్ని నేల మీద పడుకోబెట్టి ఉంచుతారు కదా, అప్పుడు కింద అంచుల మీద వేలు పెట్టి నిమరండి. నున్నగా, జారుతూ ఉంటే నిలబెట్టమనండి. గరుగ్గా చెక్క నార తగిలితే రంగు డబ్బా మళ్లీ తెరిపించండి.